అరచేతిలో ఇమిడే ఛార్జర్ లోపల ఏం జరుగుతుంది

(శ్రీకాకుళంలో ఐటీఐ విద్యార్థులు, మొబైల్ రిపేరు చేసేవాళ్లు కలిసిన సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆమదాలవలస నుంచి, పొందూరు నుంచి కూడా కొందరు వచ్చారు, సంతోషం. బల్ల మీద రెండు వస్తువులు పెట్టాను. ఒకటి, పాతకాలం ఎలిమినేటర్. రేడియోకి, టేప్ రికార్డర్‌కి పెట్టేవాళ్లం కదా, అదే. రెండోది మామూలు ఫోన్ ఛార్జర్, 5 వోల్టులు, 2 ఆంపియర్లు, అంటే 10 వాట్లు. రెండూ చేతిలోకి తీసుకుని చూడండి. మొదటిది పావుకిలో పైనే ఉంటుంది. రెండోదాన్ని విప్పి ఇక్కడ పెట్టాను, దాని లోపలున్న ట్రాన్స్‌ఫార్మర్ పది గ్రాములు కూడా ఉండదు. చేసే పని మాత్రం ఒకటే: గోడలోని 230 వోల్టులు తీసుకుని తక్కువ వోల్టేజీ డీసీగా ఇవ్వడం. ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు బరువైనదాని సంగతి. దాని లోపల ఇనప రేకులు పేర్చిన కోర్, దాని చుట్టూ రాగి తీగ. కరెంటు కాయిల్‌లోకి వెళ్తే కోర్‌లో అయస్కాంత బలం పెరుగుతుంది. అయితే ఏ కోర్‌కైనా ఒక హద్దుంది. ఆ హద్దు దాటితే కోర్ నిండిపోతుంది, దాన్నే సాచురేషన్ అంటాం. నిండిన తర్వాత ఆ కాయిల్ కరెంటుని ఆపలేదు. అప్పుడది ఉత్త రాగి తీగ, కాసేపట్లో మాడిపోతుంది. కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ చేసేవాడి మొదటి పని, కోర్ ఎప్పుడూ నిండకుండా చూసుకోవడం.

కోర్‌ని నింపేది ఏది? వోల్టేజీ ఒక్కటే కాదు, ఆ వోల్టేజీ ఎంతసేపు ఒకే దిక్కుగా తోసిందన్నది కూడా. మన కరెంటు 50 హెర్ట్జ్. అంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది, ఒక్కో దిక్కున 10 మిల్లీసెకన్లు ఉంటుంది. మనకి 10 మిల్లీసెకన్లు రెప్పపాటు కన్నా తక్కువ. కోర్‌కి మాత్రం అది చాలా పెద్ద సమయం. అంతసేపు 230 వోల్టులు తోస్తుంటే తట్టుకోవాలంటే కోర్ లావుగా ఉండాలి, చుట్లు ఎక్కువ ఉండాలి. మూడు చదరపు సెంటీమీటర్ల ఇనప కోర్ అనుకుని లెక్క వేస్తే వోల్టుకి పన్నెండున్నర చుట్లు, మొత్తం 230 వోల్టులకి సుమారు 2,900 చుట్లు పడతాయి. వెంట్రుకంత సన్నటి తీగతో 2,900 చుట్లు! ఎలిమినేటర్ బరువంతా ఈ ఇనుము, ఈ రాగి.

ఇప్పుడు ఆలోచించండి. 10 మిల్లీసెకన్లకి బదులు రెండు మైక్రోసెకన్లు మాత్రమే తోసి ఆపేస్తే? కోర్ నిండే లోపే వోల్టేజీ తీసేస్తాం. అప్పుడు అంత ఇనుము, అంత రాగి ఎందుకు? ఛార్జర్ చిన్నదవడానికి కారణం ఇదే. విమానాల్లో 50 హెర్ట్జ్‌కి బదులు 400 హెర్ట్జ్ కరెంటు వాడటానికీ ఇదే కారణం, ట్రాన్స్‌ఫార్మర్ల బరువు తగ్గుతుందని. ఛార్జర్‌లో ఆ 400 ఏకంగా 65,000 అయింది.

కానీ కరెంటు ఆఫీసు మనకి 50 హెర్ట్జే ఇస్తుంది. దాన్ని ఛార్జరే మార్చుకోవాలి. ఎలాగో ఈ బోర్డు మీద వరసగా చూద్దాం. గోడ నుంచి వచ్చిన తీగ ముందు ఈ చిన్న ఫ్యూజ్ రెసిస్టర్‌లోంచి పోతుంది. తర్వాత నాలుగు డయోడ్ల బ్రిడ్జ్. ఇక్కడ ఏసీ కాస్తా డీసీ అవుతుంది. ఆ పక్కన నిలబడున్న ఈ పొడుగాటి కెపాసిటర్ మీద 400 వోల్టులు, 10 మైక్రోఫారడ్లు అని రాసుంటుంది. 230 వోల్టుల ఏసీ శిఖరం 325 వోల్టులు కాబట్టి ఈ కెపాసిటర్ 325 వోల్టుల దాకా నిండుతుంది. చూడండి, మనకి కావలసింది 5 వోల్టులు, కానీ ఛార్జర్ ముందు 325 వోల్టుల డీసీ తయారుచేస్తుంది. వింటే తలకిందులుగా అనిపిస్తుంది గానీ లాభం ఇక్కడే ఉంది, మళ్లీ చెబుతాను.

ఆ 325 వోల్టుల్ని ట్రాన్స్‌ఫార్మర్‌కి కలిపేది, విడదీసేది మాస్‌ఫెట్ అనే స్విచ్. చిన్న ఛార్జర్లలో ఇది ఐసీ లోపలే ఉంటుంది. సెకనుకి 65,000 సార్లు ఆన్, ఆఫ్. ఒక్కో విడత 15 మైక్రోసెకన్లు.

ఈ ఒక్క విడతలో జరిగేది జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఇది మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌లా పనిచేయదు. దీని పేరు ఫ్లైబ్యాక్. మన పల్లెల్లో ఏతం చూసినవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. ఏతపు బాన నూతిలోకి దిగినప్పుడు నీళ్లు నిండుతాయి, అప్పుడు కాలవలోకి చుక్క కూడా పడదు. బాన పైకొచ్చి ఒంగినప్పుడు నీళ్లు కాలవలో పడతాయి, అప్పుడు దానికీ నూతికీ సంబంధం లేదు. ఫ్లైబ్యాక్ కూడా అంతే. స్విచ్ ఆన్ అయినప్పుడు 325 వోల్టుల వైపు కాయిల్‌లో కరెంటు పెరుగుతూ పోతుంది, శక్తి అయస్కాంత బలంగా కోర్‌లో నిలవ అవుతుంది. ఆ సమయంలో 5 వోల్టుల వైపు కాయిల్‌లో వోల్టేజీ డయోడ్‌కి ఎదురు దిక్కున ఉంటుంది, అందుకని అటు ఏమీ పోదు. స్విచ్ ఆఫ్ కాగానే కాయిల్‌లో వోల్టేజీ దిక్కు మారుతుంది, డయోడ్ తెరుచుకుంటుంది, నిలవున్న శక్తి అంతా ఫోన్ వైపు పోతుంది. నింపడం ఒకప్పుడు, వంపడం ఇంకొకప్పుడు. బాన ఎంత చిన్నదైనా పర్వాలేదు, సెకనుకి 65,000 సార్లు తోడుతున్నాం కదా.

ఆ బాన ఎంత చిన్నదో లెక్క చూద్దాం. ఫోన్‌కి 10 వాట్లు అందాలి. కొంత వేడిగా పోతుంది కాబట్టి గోడ నుంచి 12.5 వాట్లు తీసుకుంటుందనుకుందాం. దాన్ని 65,000తో భాగిస్తే ఒక్కో విడతకి 192 మైక్రోజౌళ్లు. ఈ ఛార్జర్ కాయిల్ 1.5 మిల్లీహెన్రీలు అనుకుంటే, అంత శక్తి నిలవ చేయడానికి కరెంటు అర ఆంపియర్‌కి చేరితే చాలు. 325 వోల్టులు పెడితే అర ఆంపియర్ రావడానికి పట్టే సమయం 2.3 మైక్రోసెకన్లు. ఎలిమినేటర్‌లో 10 మిల్లీసెకన్లు, ఇక్కడ 2.3 మైక్రోసెకన్లు. అందుకే ఇక్కడ కోర్ అడ్డుకోత 0.2 చదరపు సెంటీమీటర్లు, చుట్లు సుమారు 160 ఉంటే సరిపోయాయి. అవతలి వైపు పదో పదకొండో చుట్లు, అంతే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఛార్జర్‌లో ఉన్నది ఇనప రేకులు కాదు, ఫెరైట్. నల్లగా, పింగాణీలా పెళుసుగా ఉంటుంది. ఇనుమంత అయస్కాంత బలం ఇది మోయలేదు, నాలుగో వంతో ఐదో వంతో మోస్తుంది. అయినా దీన్నే వాడతాం, ఎందుకంటే ఇంత వేగంలో ఇనప రేకులు పెడితే వాటిలోపల సుడి కరెంట్లు పుట్టి ఎర్రగా కాలిపోతాయి. ఫెరైట్‌లో కరెంటు దాదాపు పారదు. కాబట్టి వేగం వల్ల వచ్చిన లాభంలో కొంత ఫెరైట్ దగ్గర వదులుకుంటున్నాం. వదులుకున్నా మిగిలేది ఎక్కువే, రెండూ చేత్తో పట్టుకుని చూశారుగా.

రిపేరు చేసేవాళ్లు ఈ కోర్ మధ్యలోకి చూడండి. రెండు ముక్కలు కలిసేచోట పక్క కాళ్లు అతుక్కుని ఉంటాయి, మధ్య కాలు మాత్రం అతుక్కోదు. సుమారు 0.4 మిల్లీమీటర్ల ఖాళీ. అది తయారీ లోపం కాదు, కావాలని వదిలిన సందు. ఏతపు బాన అన్నాను చూడండి, నిజానికి శక్తి ఎక్కువగా నిలవుండేది ఈ గాలి సందులోనే. కింద పడి కోర్ విరిగితే, ఇంకో పాత బోర్డు నుంచి సందు లేని కోర్ తీసి పెట్టేవాళ్లున్నారు. చూడటానికి కొలతలు సరిపోతాయి. కానీ సందు లేకపోతే కోర్ పదో వంతు శక్తి కూడా పట్టకముందే నిండిపోతుంది, కరెంటు ఒక్కసారి ఎగుస్తుంది, ఐసీ ఆగిపోవడమో పేలిపోవడమో జరుగుతుంది. కొత్త ఐసీ వేసినా మళ్లీ అదే. కోర్ మారిస్తే మధ్య కాలు సందు చూడకుండా మార్చకండి.

ఇక 325 వోల్టులు ముందే ఎందుకు తయారుచేసుకోవాలన్న సంగతి. ఏసీ సెకనుకి వంద సార్లు సున్నాకి పడి లేస్తుంది. ఆ పల్లాల్లో ఫోన్‌కి కరెంటు ఆగకూడదు, కాబట్టి ఎక్కడో నిలవ ఉండాలి. ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరం దాకా ఉండే 10 మిల్లీసెకన్లలో సుమారు 8 మిల్లీసెకన్లు కెపాసిటరే మోయాలి. 12.5 వాట్ల లెక్కన అది 0.1 జౌల్. కెపాసిటర్‌లో నిలవ వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 325 వోల్టుల దగ్గర 10 మైక్రోఫారడ్లలోనే అర జౌల్ పైన నిలవుంటుంది. అదే పని ఎలిమినేటర్ 9, 12 వోల్టుల దగ్గర చేయాలి, అందుకే దానిలో వేల మైక్రోఫారడ్ల కెపాసిటర్ కావాలి. అంటే రెండు విధాలా కలిసొచ్చింది: వేగం వల్ల ట్రాన్స్‌ఫార్మర్ తగ్గింది, ఎక్కువ వోల్టేజీ దగ్గర నిలవ చేయడం వల్ల కెపాసిటర్ తగ్గింది.

ఇదే లెక్కతో మన జిల్లాలో ఎక్కువగా వచ్చే ఒక కంప్లయింట్ తేలిపోతుంది. లైను చివర ఉండే ఊళ్ల నుంచి కస్టమర్ వస్తాడు. "పగలు బాగానే ఎక్కుతోంది బాబూ, సాయంత్రమైతే చార్జింగ్ ఆగి ఆగి అవుతోంది" అంటాడు. మీరు షాపులో పెట్టి చూస్తారు, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఛార్జర్ బాగుంది, మీ ఫోనే పోయింది అని చెప్పి పంపేస్తారు. అలా పంపకండి. సాయంత్రం మోటార్లు, ఫ్యాన్లు అన్నీ వేసినప్పుడు ఆ ఊళ్లో వోల్టేజీ 160కి పడిపోయిందనుకోండి. శిఖరం 226 వోల్టులు. కొత్త ఛార్జర్ 10 మైక్రోఫారడ్లలో అప్పుడు పావు జౌల్ ఉంటుంది. 0.1 జౌల్ వాడుకున్నా 177 వోల్టులు మిగులుతాయి, ఏ ఇబ్బందీ లేదు. అందుకే బల్బు మిణుకుమంటున్నా ఫోన్ మామూలుగానే చార్జ్ అవుతుంది. ఛార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసేది ఊరికే కాదు, వోల్టేజీ తగ్గితే స్విచ్‌ని ఇంకాస్త ఎక్కువసేపు ఆన్‌లో ఉంచుకుని అదే 192 మైక్రోజౌళ్లు నింపుకుంటుంది.

కానీ ఈ కెపాసిటర్ లోపల తడి రసాయనం ఉంటుంది. మన ఎండలకి, ఛార్జర్ లోపలి వేడికి ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండిపోతుంది. 10 మైక్రోఫారడ్లది 3కి పడిపోయిందనుకుందాం. పగలు 230 వోల్టుల దగ్గర అందులో 0.16 జౌల్ ఉంటుంది, 0.1 వాడుకున్నా 200 వోల్టుల దాకా మిగులుతాయి. పని సాగిపోతుంది. అదే 160 వోల్టుల దగ్గర మొత్తం నిలవే 0.08 జౌల్. కావలసింది 0.1. తర్వాతి శిఖరం రాకముందే ఖాళీ, ఐసీ ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. కస్టమర్ చెప్పింది అక్షరాలా నిజం. మీ షాపులో 230 ఉంది కాబట్టి మీకు కనపడలేదు. కెపాసిటర్ తీసి మల్టీమీటర్‌లో కొలిస్తే తెలిసిపోతుంది. కొత్తది వేసేటప్పుడు 400 వోల్టులు, 105 డిగ్రీలు అని రాసున్నదే వేయండి. ఖాళీ ఉందని అక్కడ 250 వోల్టులది ఇరికించకండి, 325 దగ్గర అది నిలవదు.

వోల్టేజీ తగ్గితే ఛార్జర్ తట్టుకుంటుంది. పెరిగితే మాత్రం దానికొక హద్దుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మన జిల్లాలో ఎన్ని స్తంభాలు పడిపోయాయో మీ అందరికీ తెలుసు. అలాంటి గాలివానల తర్వాత, స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగినా వదులైనా, ఇంట్లోకి 230కి బదులు రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టుల దాకా రావచ్చు. దాని శిఖరం 565. కెపాసిటర్ 400 వోల్టులదే. పైభాగం ఉబ్బి, మూత మీదున్న గాడి దగ్గర చీలుతుంది, ఘాటైన వాసన వస్తుంది. ఐసీ షార్ట్ అవుతుంది, ఫ్యూజ్ రెసిస్టర్ తెగుతుంది. ఈ మూడూ ఒకేసారి కనపడితే, పైగా ఆ ఇంట్లో టీవీ కూడా పోయిందంటే, ఛార్జర్ బాగుచేసే ముందు కస్టమర్‌కి న్యూట్రల్ చూపించుకోమని చెప్పండి. లేకపోతే బాగుచేసిన ఛార్జర్ కూడా పోతుంది.

ఇప్పుడు ప్రాణాల సంగతి, దీనికి కాస్త ఎక్కువ టైం తీసుకుంటాను. బోర్డు వెనక్కి తిప్పి చూడండి. ఒక పక్క గోడ కరెంటు, ఇంకో పక్క ఫోన్. మధ్యలో రాగి లేని ఖాళీ గీత, మంచి ఛార్జర్‌లో ఐదారు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, కొన్నిట్లో బోర్డుని అక్కడ చీల్చి కూడా ఉంటారు. ఆ గీత దాటేవి చాలా తక్కువ. ఒకటి ట్రాన్స్‌ఫార్మర్, అయస్కాంత బలంతో దాటుతుంది, తీగ కలవదు. అందులో ఫోన్ వైపు తీగకి మూడు పొరల ఇన్సులేషన్ ఉంటుంది. రెండోది ఆప్టోకప్లర్. 5 వోల్టులు తగ్గాయా పెరిగాయా అని కబురు వెనక్కి చేరాలి కదా, ఇందులో ఒక చిన్న ఎల్ఈడీ వెలుతురుతో ఆ కబురు చెబుతుంది. కొన్ని చిన్న ఛార్జర్లలో ఇది ఉండదు, ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న మూడో కాయిల్‌ని చూసే ఐసీ అంచనా వేసుకుంటుంది. మూడోది ఈ నీలం రంగు బిళ్ల, వై కెపాసిటర్. స్విచ్ వేగం వల్ల పుట్టే రొదని అణచడానికి పెడతారు. చార్జింగ్‌లో ఉన్న లోహపు ఫోన్‌ని వేలితో మెల్లగా రాస్తే జిల్లుమన్నట్టు ఉంటుంది చూడండి, చాలాసార్లు అది దీంట్లోంచి వచ్చేదే. ఒక నానోఫారడ్ అయితే 0.07 మిల్లీఆంపియర్లు దాటదు, ప్రమాదం లేదు.

నాకు కోపం తెప్పించేది నాసిరకం ఛార్జర్లలో చేసే పని. ఆ నీలం బిళ్ల స్థానంలో మామూలు సిరామిక్ కెపాసిటర్ వేస్తారు. వై రకం కెపాసిటర్‌ని చెడిపోయినా షార్ట్ కాకుండా ఉండేలా తయారుచేస్తారు. మామూలుది షార్ట్ అయితే గోడ కరెంటు నేరుగా ఫోన్ మీదికి వస్తుంది, పిల్లలు ఆ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటారు. ఖాళీ గీత కూడా ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటుంది, వానాకాలం చెమ్మకి అది చాలదు. ఇలాంటివి 5 వోల్టులు బాగానే ఇస్తాయి, మీటరు పెడితే ఏ తేడా తెలియదు. విప్పి చూస్తేనే తెలుస్తుంది. కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు చూసి, ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. కంపెనీ పేరు అదే వస్తుందో లేదో చూడండి.

ఇక్కడ ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న: "వేగం పెంచేకొద్దీ చిన్నదవుతుంటే 65 వేల దగ్గరే ఎందుకు ఆగారు సార్? పది లక్షలు చేయొచ్చుగా?" మంచి ప్రశ్న. స్విచ్ ఆన్ నుంచి ఆఫ్‌కి మారే ఆ క్షణంలో దాని మీద వోల్టేజీ, కరెంటు రెండూ ఉంటాయి, అప్పుడు వేడి పుడుతుంది. ఒక్కో మార్పుకి కొంచెమే, కానీ వేగం రెట్టింపు చేస్తే ఆ వేడీ రెట్టింపు. ఫెరైట్ కూడా వేగంతో వేడెక్కుతుంది. ఛార్జర్ చిన్నదయ్యేకొద్దీ ఆ వేడి బయటికి పోయే పైభాగం కూడా తగ్గిపోతుంది. అదీగాక, కరెంటు తీగల్లోకి రొద పంపకూడదన్న కొలతలు 150 కిలోహెర్ట్జ్ నుంచి మొదలవుతాయి. 65 వేలు, దాని రెట్టింపు లక్షా ముప్ఫై వేలు, రెండూ ఆ గీత కిందే ఉంటాయి. అందుకే చాలామంది 65 దగ్గర స్థిరపడ్డారు.

ఇప్పుడు గ్యాన్ ఛార్జర్లని వస్తున్నాయి. గాలియం నైట్రైడ్‌తో చేసిన స్విచ్ సిలికాన్ దానికన్నా చాలా త్వరగా మారుతుంది, ఒక్కో మార్పుకి పుట్టే వేడి తగ్గుతుంది. కాబట్టి వందల కిలోహెర్ట్జ్‌కి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా తగ్గించగలిగారు. కానీ అందులోనూ ఈ 400 వోల్టుల కెపాసిటర్ తగ్గలేదు. దాన్ని నిర్ణయించేది స్విచ్ వేగం కాదు, మన 50 హెర్ట్జ్ కరెంటు. 65 వాట్ల గ్యాన్ ఛార్జర్ ఎప్పుడైనా విప్పితే చూడండి, లోపల ఎక్కువ చోటు ఆక్రమించేవాటిలో ఈ కెపాసిటర్లు ఉంటాయి.

భోజనాలయ్యాక ప్రాక్టికల్‌లో మీరే ఛార్జర్లు విప్పుతారు. ప్లగ్ తీసినా ఈ కెపాసిటర్‌లో 325 వోల్టులు నిలవుండొచ్చు, ఐసీ చెడిపోయినదానిలో అయితే చాలాసేపు ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి, నిప్పురవ్వలు లేస్తాయి, బోర్డు ట్రాక్ ఎగిరిపోతుంది. 10 కిలోఓమ్‌ల రెసిస్టర్‌ని ఇన్సులేటెడ్ పట్టకారుతో పట్టుకుని రెండు కాళ్ల మీద రెండు సెకన్లు ఆనించండి, తర్వాత మీటరు పెట్టి సున్నా వచ్చిందో లేదో చూసుకోండి. రిపేరయ్యాక మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు నేరుగా గోడకి పెట్టకుండా 60 వాట్ల బల్బు సీరీస్‌లో పెట్టిన బోర్డు మీద పెట్టండి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే కెపాసిటర్ నిండిందని, ఛార్జర్ బాగున్నట్టే. వెలుగుతూనే ఉంటే లోపల ఇంకా షార్ట్ ఉంది, ప్లగ్ తీసేయండి.